ఎవరు చెప్పారు? ఎవరి నుండి విన్నారు?
(హదీసుల సాక్ష్య పరంపరను పరీక్షించిన తీరు)

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని కార్యదర్శిగారు కోరారు. ఉద్యోగ విరమణ తర్వాత నేను తొలినాటి ఇస్లామీయ విద్వత్తును గురించి కొంత చదివి, ఒక చిన్న అధ్యయన బృందం కోసం పరిశోధన వ్యాసం రాశాను. అరబ్బీ, ఉర్దూ తెలిసిన మిత్రుడొకరు పక్కన కూర్చుని గ్రంథాలు చదివి చెప్పబట్టి అది సాధ్యమైంది. ఆ వ్యాసంలో ఒక భాగాన్ని, పారిభాషిక పదాల బరువు తగ్గించి, మిత్రుల ముందుంచుతున్నాను. నేను ముప్పై నాలుగేళ్లు ఆడిట్ విభాగంలో పని చేసినవాణ్ణి. ఒక లెక్క మన చేతికి వస్తే, అది ఎంత అన్న ప్రశ్న కంటే ముందు, ఎవరి ద్వారా వచ్చింది అని అడగటం మాకు అలవాటు. పన్నెండు వందల ఏళ్ల క్రితం కొందరు పండితులు ఇదే ప్రశ్న పట్టుకుని ఒక శాస్త్రాన్నే నిర్మించారని తెలిసినప్పుడు, దాని లోతు చూడాలనిపించింది.

ప్రవక్త ముహమ్మద్ మాటలను, చేతలను గురించి వచ్చిన ఉల్లేఖనాన్ని హదీసు అంటారు. ప్రతి హదీసులోనూ రెండు భాగాలుంటాయి. మొదటిది 'ఫలానావారు నాకు చెప్పారు, వారికి ఫలానావారు చెప్పారు' అంటూ సాగే పేర్ల వరుస. దీన్ని ఇస్నాద్ అంటారు. రెండవది అసలు మాట. సామాన్య పాఠకులు పేర్లు దాటేసి మాట దగ్గరికి వెళతారు. హదీసు పండితుడు మాత్రం పేర్ల దగ్గరే ఆగిపోతాడు.

పేర్లు అడగటం ఎప్పుడు మొదలైంది?

ప్రవక్త క్రీ.శ. 632లో మరణించారు. ఆ తరంవారు బతికి ఉన్నంతకాలం 'మీకెవరు చెప్పారు' అని పట్టుపట్టి అడగవలసిన అవసరం అంతగా రాలేదు. 656లో మూడవ ఖలీఫా ఉస్మాన్ హత్య జరిగింది. దాని వెంట అంతర్యుద్ధం వచ్చింది. సమాజం వర్గాలుగా చీలింది. ప్రతి వర్గమూ తన వాదానికి ప్రవక్త మాటను ఆసరాగా చూపించుకోవటం మొదలైంది. బస్రా నగరానికి చెందిన ఇబ్న్ సీరీన్ అనే పండితుడు, అంతకు మునుపు ఇస్నాద్ అడిగేవారు కాదనీ, ఆ కలతలు వచ్చాకనే చెప్పినవారి పేర్లు బయటపెట్టమని అడగసాగారనీ అన్నట్లు గ్రంథస్థమై ఉంది. ఆయన అన్న కలతలు ఏవి అనే విషయంలో నేటి చరిత్రకారులకు భిన్నాభిప్రాయాలున్నాయి. 656 నాటివే అని కొందరు, తర్వాతి కాలపువని కొందరు అంటారు. ఏది ఏమైనా, అనుమానం నుంచే ఈ శాస్త్రం పుట్టిందన్నది స్పష్టం.

పేర్లు అడగటం మొదలయ్యాక, పేర్లు కల్పించేవారూ పుట్టుకొచ్చారు. అందుకని ఆ పేర్లనే పరీక్షించవలసి వచ్చింది. ఆ పరీక్ష ఎలా జరిగేదో ఒక్క హదీసును పట్టుకుని, మొదటి నుంచి చివరి వరకూ చూద్దాం.

ఒక హదీసు, ఆరుగురు మనుషులు

ఇమాం బుఖారీ (810–870) సంకలనం 'సహీహ్ బుఖారీ' ముస్లిం లోకంలో ఎంతో ప్రామాణికమైన హదీసు గ్రంథం. అందులో మొట్టమొదటి హదీసు భావం ఇది: పనుల విలువ వాటి వెనుక ఉన్న సంకల్పాన్ని బట్టి ఉంటుంది, ఎవరు ఏది కోరి వలస వెళ్లారో వారికి దక్కేది అదే, లోకలాభం కోసమో, ఒక స్త్రీని పెళ్లాడటం కోసమో వలస వెళ్లినవాడి వలస దాని కోసం జరిగినట్లే లెక్క. మక్కా నుండి మదీనాకు ప్రవక్త అనుచరులు వలస పోయిన కాలపు మాట ఇది.

బుఖారీ చేతికి ఇది ఎలా వచ్చింది? ఆయనకు చెప్పినవారు మక్కాకు చెందిన హుమైదీ. హుమైదీకి చెప్పినవారు ఆయన గురువు సుఫ్యాన్ బిన్ ఉయైనా. ('బిన్' అంటే కుమారుడు.) సుఫ్యాన్‌కు చెప్పినవారు మదీనా న్యాయాధికారి యహ్యా బిన్ సయీద్ అన్సారీ. యహ్యాకు చెప్పినవారు ముహమ్మద్ బిన్ ఇబ్రాహీం తైమీ. తైమీకి చెప్పినవారు అల్‌ఖమా బిన్ వఖ్ఖాస్. మసీదు వేదిక మీద నుంచి రెండవ ఖలీఫా ఉమర్ ఈ మాట చెబుతుండగా తాను విన్నానని అల్‌ఖమా అన్నారు. ప్రవక్త నోట తాను విన్నానని ఉమర్ అన్నారు. అంటే ప్రవక్తకూ బుఖారీకీ మధ్య ఆరుగురు మనుషులు, రెండు వందల ముప్పై ఎనిమిదేళ్లు. ఈ ఆరుగురిలో ఏ ఒక్కరి దగ్గర ముడి ఊడినా వరుస తెగిపోయినట్లే.

మొదటి పరీక్ష: కలుసుకునే వీలుందా?

ముందు తేదీలు చూస్తారు. ఉమర్ హత్యకు గురైనది 644లో. అల్‌ఖమా మదీనాలో ఖలీఫా అబ్దుల్ మలిక్ పాలనలో, అంటే 685–705 మధ్య మరణించారు. ఉమర్ తర్వాత నలభై ఏళ్లకు పైగా, అరవై ఒక్క ఏళ్లకు మించకుండా బతికారన్నమాట. ఉమర్ కాలానికి ఆయన వయసు వచ్చినవాడై ఉండటం అసాధ్యం కాదు. తైమీ 738 ప్రాంతంలోనూ, యహ్యా 760 ప్రాంతంలోనూ మరణించారు. అల్‌ఖమా, తైమీ, యహ్యా ముగ్గురూ మదీనాకు చెందినవారే. సుఫ్యాన్ 725లో పుట్టారు కనుక యహ్యా మరణించేనాటికి ఆయనకు దాదాపు ముప్పై అయిదేళ్లు. సుఫ్యాన్ 814లో మరణించారు. ఆయన దగ్గర ఏళ్ల తరబడి చదివిన హుమైదీ 834లో పోయారు. అప్పటికి బుఖారీకి ఇరవై నాలుగేళ్లు. ఎక్కడా తేదీ అడ్డం రాదు.

ఇది పైకి తేలిగ్గా కనిపిస్తుంది గాని, ఎందరో కల్పనకారులు పట్టుబడింది ఇక్కడే. హదీసు శాస్త్ర గ్రంథాలలో ఒక ఉదంతం చెబుతారు. ఇస్మాయీల్ బిన్ అయ్యాష్ అనే సిరియా పండితుడు ఇరాక్‌లో ఉండగా, ఖాలిద్ బిన్ మఅదాన్ పేరు మీద హదీసులు చెబుతున్న ఒకాయన దగ్గరికి తీసుకెళ్లారు. ఏ సంవత్సరంలో విన్నారని ఇస్మాయీల్ అడిగాడు. హిజ్రీ 113లో అని ఆయన జవాబిచ్చాడు. ఖాలిద్ 106లోనే చనిపోయారే, పోయిన ఏడేళ్లకు విన్నారన్నమాట అన్నాడు ఇస్మాయీల్. ఏటేటా జీవన ధ్రువపత్రం ఇచ్చుకుంటున్న మనకు ఈ ప్రశ్నలోని పదును వేరే చెప్పనక్కర్లేదు.

కలుసుకునే వీలుంటే చాలా, కలుసుకున్నారని రుజువు కావాలా? దీని మీద పెద్ద వాదమే నడిచింది. ఇద్దరూ ఒకే కాలంవారై, కలుసుకునే అవకాశం ఉండి, చెప్పే మనిషి మోసం చేసేవాడు కాకపోతే చాలునని ఇమాం ముస్లిం (875లో మరణించారు) తన సంకలనానికి రాసుకున్న పీఠికలో గట్టిగా వాదించారు. కనీసం ఒక్కసారైనా కలుసుకున్నట్లు తెలియాలన్నది బుఖారీ పద్ధతిగా పండితులు చెబుతారు.

మాట వరస కూడా చూస్తారు. 'ఫలానావారు మాకు చెప్పారు', 'నేను విన్నాను' అంటే స్వయంగా విన్నట్లు. 'ఫలానావారి నుండి' అని ఊరుకుంటే మధ్యలో ఒక మనిషిని దాచి ఉండవచ్చు. ఇలా దాచే అలవాటు గౌరవనీయులైన పండితులకు కూడా ఉండేది. మన వరుసలోని సుఫ్యాన్‌కే ఆ అలవాటు ఉందని, అయితే నమ్మదగినవారినే అలా వదిలేసేవారని విమర్శకులు రాసిపెట్టారు. అందుచేత ఆయన దగ్గర మరింత జాగ్రత్త అవసరం. ప్రచారంలో ఉన్న ముద్రిత ప్రతులలో ఈ మొదటి హదీసులో సుఫ్యాన్ 'యహ్యా మాకు చెప్పారు' అని స్పష్టంగానే అన్నారు. బుఖారీ నుంచి ఉమర్ దాకా ప్రతి ముడి దగ్గరా చెప్పటం, వినటం అనే మాటలే ఉన్నాయి. తన గ్రంథానికి మొదటి వాక్యంగా బుఖారీ ఈ వరుసను ఎంచుకోవటంలో ఆశ్చర్యం లేదు.

రెండవ పరీక్ష: మనిషి ఎటువంటివాడు?

తేదీలు సరిపోయాక మనిషిని చూస్తారు. రెండు విషయాలు విడివిడిగా అడుగుతారు. నిజాయితీ ఉన్నవాడేనా? విన్నది విన్నట్టు నిలబెట్టుకోగలవాడేనా? ఎంతో భక్తిపరుడైనా జ్ఞాపకం సరిగా లేకపోతే అతని ఉల్లేఖనం పక్కకు పోతుంది.

ఇందుకోసం వేలాది మంది ఉల్లేఖకుల జీవిత వివరాలు, వారి మీద సమకాలికుల అభిప్రాయాలు సేకరించి గ్రంథాలు రాశారు. ఈ గ్రంథాలకూ మన హైదరాబాదుకూ దగ్గరి సంబంధం ఉంది. 1888లో ఇక్కడ స్థాపించిన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ, చేతిరాత ప్రతులుగా పడి ఉన్న ఇటువంటి గ్రంథాలను పరిష్కరించి అచ్చు వేసింది. ఉల్లేఖకుల మీద ఇబ్న్ హజర్ రాసిన 'తహ్‌జీబుత్ తహ్‌జీబ్' పన్నెండు సంపుటాలుగా 1907–1909 ప్రాంతంలో వెలువడింది ఇక్కడి నుంచే. బుఖారీ రాసిన ఉల్లేఖకుల చరిత్ర, ఇబ్న్ అబీ హాతిం సేకరించిన గుణదోష నిర్ణయాలు కూడా ఇక్కడ అచ్చయ్యాయి. కైరోలోనూ, యూరప్‌లోనూ పండితులు ఈ హైదరాబాదు ముద్రణల పుటల సంఖ్యలే ఉదహరిస్తూ వచ్చారు.

మన వరుసలోని తైమీ సంగతి చూద్దాం. ఎక్కువమంది విమర్శకులు ఆయన నమ్మదగినవాడన్నారు. కాని ఇమాం అహ్మద్ బిన్ హంబల్ ఆయన హదీసులలో ఏదో ఉందనీ, 'మున్కర్' ఉల్లేఖనాలు చెబుతాడనీ అన్నట్లు కూడా నమోదై ఉంది. మున్కర్ అంటే సాధారణంగా తిరస్కరించదగినది అని అర్థం. ఇంత ప్రసిద్ధమైన హదీసు ఆధారపడిన మనిషి మీద ఇంత పెద్దాయన అన్న ఈ మాటను ఎవరూ చెరిపేయలేదు. దాని మీద ఇబ్న్ హజర్ వివరణ ఇస్తూ, అహ్మద్ మరి కొందరూ ఆ పదాన్ని వేరే అర్థంలో వాడేవారన్నారు. మరొకరి మద్దతు లేకుండా ఒక్కడే చెప్పిన ఉల్లేఖనాన్ని కూడా వారు మున్కర్ అనేవారట. అంటే ఇది అబద్ధమనే ఆరోపణ కాదు, ఒంటరితనాన్ని గుర్తించటం. ఒకే ముద్ర వేర్వేరు అధికారులు వేస్తే వేర్వేరు అర్థాలు రావటం మనం ఆఫీసుల్లో చూసినదే. విమర్శకుడి మాట చదివే ముందు ఆ విమర్శకుడి పరిభాష తెలుసుకోవాలి.

ఈ పద్ధతిలో ఒక పరిమితి కూడా ఉంది. ప్రవక్తను చూసిన తరంవారిని, అంటే సహాబీలను, ఈ పరీక్షకు పెట్టలేదు. వారి నిజాయితీని సున్నీ పండితులు మొదటే అంగీకరించారు. అది విశ్వాసం మీద నిలిచిన సూత్రం, విచారణలో తేలిన ఫలితం కాదు.

అసలు చిక్కు: ఒంటి దారం

ఇక్కడికి వచ్చాక ఒక చిక్కు ఎదురవుతుంది. ఉమర్ ఈ మాట వేదిక మీద చెప్పారు. ఎదురుగా జనం ఉండి ఉంటారు. మరి అల్‌ఖమా తప్ప ఇంకెవరూ దీన్ని ఉమర్ పేరు మీద నమ్మదగిన విధంగా చెప్పలేదేం? అల్‌ఖమా నుంచి తైమీ ఒక్కరే, తైమీ నుంచి యహ్యా ఒక్కరే చెప్పారు. దాదాపు నూరేళ్లకు పైగా ఇది ఒంటి దారంగా నడిచింది. యహ్యా దగ్గరికి వచ్చాక మాత్రం ఒక్కసారిగా చెట్టు కొమ్మల్లా విచ్చుకుంది. బుఖారీ ఒక్కరే తన గ్రంథంలో దీన్ని ఏడు చోట్ల ఇచ్చారు. ఆ ఏడింటిలో యహ్యా శిష్యులు అయిదుగురు కనిపిస్తారు: సుఫ్యాన్ బిన్ ఉయైనా, సుఫ్యాన్ సౌరీ, మాలిక్, హమ్మాద్ బిన్ జైద్, అబ్దుల్ వహ్హాబ్ సఖఫీ.

యహ్యా నుంచి ఏడు వందల మంది దీన్ని విన్నారని ఒక పండితుడు రాశాడు. ఇబ్న్ హజర్ (1449లో మరణించారు) దాన్ని నమ్మలేదు. తాను విద్యార్థిగా ఉన్ననాటి నుంచి వెతుకుతున్నా నూరు దారులు పూర్తి చేయలేకపోయానని ఆయన రాశారు. తమ మతంలో ఎంతో గౌరవం పొందిన హదీసుకు బలం చేకూర్చే సంఖ్య అది. అయినా లెక్క తేలలేదు కాబట్టి తేలలేదని రాశారు.

మూడవ పరీక్ష: తోటివారితో పోల్చటం

ఒంటి దారం అయినందువల్ల, దీనికి రెండో దారం ఒకటి దొరికితే ఎంత బాగుండేదో ఊహించవచ్చు. నిజంగా ఒకటి దొరికింది. ఈ వ్యాసమంతటిలో నాకు ముఖ్యమనిపించే ఘట్టం ఇదే.

అబ్దుల్ మజీద్ ఇబ్న్ అబీ రవ్వాద్ అనే మక్కా పండితుడు ఉండేవారు. ఇదే హదీసును ఆయన మాలిక్ నుంచి చెప్పినట్లు వచ్చింది. కాని వరుస వేరు: మాలిక్‌కు జైద్ బిన్ అస్లమ్, ఆయనకు అతా బిన్ యసార్, ఆయనకు ప్రవక్త సహచరుడు అబూ సయీద్ ఖుద్రీ. ఈ పేర్లలో వంక పెట్టదగినది ఒక్కటీ లేదు. తేదీలు సరిపోతాయి. ఒకరి దగ్గర ఒకరు విన్నారన్నదీ తెలిసినదే. మాలిక్, జైద్, అతా, అబూ సయీద్ అన్న వరుసలో వేరే మంచి హదీసులు ఎన్నో ఉన్నాయి. మొదటి రెండు పరీక్షలూ పెడితే ఈ వరుస నెగ్గుకొస్తుంది. దీన్ని ఒప్పుకుంటే, ఉమర్‌తో పాటు ఇంకొక సహాబీ కూడా ఈ మాట విన్నట్లవుతుంది. ఒంటి దారం రెండు పేటల దారమవుతుంది.

రయ్ నగరానికి చెందిన అబూ హాతిం రాజీ (890లో మరణించారు) అనే విమర్శకుణ్ణి ఆయన కుమారుడు దీని గురించి అడిగాడు. ఇది చెల్లదు, దీనికి మూలమే లేదు, అసలైనది మాలిక్ యహ్యా నుంచి చెప్పినదే అని ఆయన తేల్చేశారు. తర్వాతి శతాబ్దంలో దారఖుత్నీ వంటివారూ ఇదే పొరపాటని చెప్పారు.

ఎలా తెలిసింది? మాలిక్‌కు శిష్యులు చాలామంది. వారంతా ఈ హదీసును ఏ వరుసలో చెప్పారో పక్కపక్కన పెట్టి చూడాలి. బుఖారీలో మాలిక్ శిష్యులు అబ్దుల్లా బిన్ మస్లమా, యహ్యా బిన్ ఖజఆ ఇద్దరూ 'మాలిక్, యహ్యా బిన్ సయీద్ నుంచి' అనే అంటారు. ముహమ్మద్ షైబానీ అనే మరో శిష్యుడు తన ప్రతిలోనూ అలాగే అన్నాడు. మాలిక్‌తో చదివిన వేరే ఊళ్లవారు, ఒకరితో ఒకరు కూడబలుక్కునే వీలు లేనివారు, ఒకే మాట చెబుతున్నారు. ఇటు ఒక్కరే వేరే మాట చెబుతున్నారు. గురువు నిజంగా రెండు విధాలుగా చెప్పి ఉంటే ఆ రెండోది ఇంత మందిలో ఒక్కరి చెవినే పడటం ఎలా?

పొరపాటు ఎలా జరిగి ఉంటుందో కూడా ఈ శాస్త్రం తెలిసినవారు ఊహించగలరు. మాలిక్, జైద్, అతా, అబూ సయీద్ అన్నది నలిగిన బాట. 'మాలిక్' అనగానే నాలుక ఆ బాట పట్టేస్తుంది. రోజూ ఒకే చిరునామా రాసే గుమాస్తా వేరే కవరు మీద కూడా చెయ్యి అలవాటుగా అదే రాసేసినట్టు. అందుకే విమర్శకులు ఒక సూత్రం పెట్టుకున్నారు. ఇద్దరు విభేదించినప్పుడు, ఒకరు అందరికీ అలవాటైన వరుసనూ, మరొకరు అంతగా అలవాటు లేని వరుసనూ చెబితే, రెండో మనిషి గుర్తు పెట్టుకుని చెప్పినట్టు లెక్క. పొరపాటు ఎప్పుడూ తెలిసిన దారినే పోతుంది. ఇబ్న్ అబీ రవ్వాద్‌ను అబద్ధాలకోరని ఇక్కడ ఎవరూ అనలేదు. పొరపడ్డారన్నారు. ఆ పొరపాటు ఆయనది కాదు, ఆయన నుంచి విన్న నూహ్ బిన్ హబీబ్‌ది అన్నవారూ ఉన్నారు.

ఇక్కడ గమనించవలసినది, ఈ విమర్శకులకు ఆ రెండో వరుస చాలా అవసరం. దాన్ని ఉంచుకోవటానికి వారికి కారణాలున్నాయి, తోసివేయటానికి లాభమేమీ లేదు. అయినా తోసివేశారు. ఒంటి సాక్ష్యాన్ని ఒంటి సాక్ష్యంగానే రాసిపెట్టారు. తిర్మిజీ తన సంకలనంలో ఇది యహ్యా బిన్ సయీద్ ద్వారా తప్ప మనకు తెలియదని బాహాటంగానే చెప్పారు.

తప్పిపోయిన ముక్క

పోలిక వల్ల మరొకటి కూడా బయటపడింది. ఈసారి బుఖారీ దగ్గరే. ఈ హదీసు పూర్తి రూపంలో రెండు ముక్కలున్నాయి. దైవం కోసం, ప్రవక్త కోసం వలస వెళ్లినవారి గురించి ఒకటి. లోకలాభం కోసం వెళ్లినవారి గురించి ఒకటి. బుఖారీ గ్రంథం తొలి పుటలో మొదటి ముక్క లేదు. రెండోదే ఉంది. ఆ ముక్కను జారవిడిచింది ఎవరు?

దారం పట్టుకుని వెనక్కి వెళ్లాలి. యహ్యా ఇతర శిష్యుల దగ్గర ఆ ముక్క ఉంది. కాబట్టి యహ్యా వదిలేయలేదు. హుమైదీ నుంచి విన్న ఇతర శిష్యుల దగ్గరా ఉంది; హుమైదీ సొంత సంకలనంలోనూ ఉంది. కాబట్టి సుఫ్యాన్, హుమైదీల దగ్గర ఇది పోలేదు. మిగిలింది బుఖారీ. ఇంత గౌరవనీయుడి పేరు వచ్చినా వ్యాఖ్యాతలు ఆగలేదు. స్పెయిన్ దేశపు ఇబ్న్ అరబీ అనే న్యాయపండితుడు, గురువు గ్రంథంలో పూర్తిగా ఉండగా బుఖారీ వదిలేయటానికి సమర్థన లేదన్నాడు. ఇబ్న్ హజర్ తదితరులు, బుఖారీ కావాలనే కుదించి ఉండవచ్చనీ, తనకు హుమైదీ అలాగే చెప్పి ఉండవచ్చనీ కారణాలు వెతికారు. కారణం ఏదైనా, లోపం ఏ ముడి దగ్గర పడిందో మాత్రం తేలిపోయింది.

వరుస మోయని కథ

ఈ హదీసుకు ఒక కథ కూడా అంటుకుని ఉంది. ఒకాయన ఉమ్మె ఖైస్ అనే స్త్రీని పెళ్లాడగోరితే, మదీనాకు వలస వస్తేనే చేసుకుంటానని ఆమె అన్నదట. ఆయన వచ్చి పెళ్లాడాడు. అందరూ ఆయన్ని 'ఉమ్మె ఖైస్ వలసదారు' అనేవారట. ప్రవక్త ఈ మాట ఆయన్ని ఉద్దేశించే అన్నారని చాలా పుస్తకాల్లో రాస్తారు.

ఇబ్న్ హజర్ దీన్నీ పరిశీలించారు. కథకు తబరానీ సంకలనంలో మంచి వరుసే ఉందన్నారు. కాని ఆ ఉల్లేఖనంలో ప్రవక్త ఈ మాట ఆ సందర్భంలో అన్నట్లు ఎక్కడా లేదన్నారు. రెండు నిజాలను ఎవరో పక్కపక్కన పెట్టి ముడి వేశారు. ముడికి మాత్రం సాక్షి లేడు. ఒక వరుస తాను మోసుకొచ్చిన మాటకే పూచీ పడుతుంది, దాని పక్కన మనం పెట్టుకున్నదానికి కాదు.

నేటి చరిత్రకారులు ఏమంటారు?

1950లో జోసెఫ్ షాఖ్ట్ అనే పాశ్చాత్య పండితుడు ఇటువంటి వరుసలను వేరే కోణంలో చూశాడు. ఎన్నో కొమ్మలు ఒక మనిషి దగ్గర కలిసి, అక్కడి నుంచి వెనక్కి ఒక్క దారమే ఉంటే, మాట పుట్టింది ఆ కలిసిన చోటనే కావచ్చు, వెనకటి పేర్లు తర్వాత చేర్చినవి కావచ్చు అన్నది ఆయన అనుమానం. ఆ తర్వాత యూయిన్‌బోల్ ఈ వాదాన్ని ఎన్నో ఉదాహరణలతో విస్తరించాడు. ఆ కొలతతో చూస్తే మన హదీసులో కొమ్మలు కలిసే చోటు యహ్యా బిన్ సయీద్. ఎనిమిదవ శతాబ్దం మధ్య నాటికి ఈ మాట చలామణీలో ఉందని గట్టిగా చెప్పవచ్చు. అంతకు వెనక్కి వెళితే సాక్ష్యం పలచబడుతుంది.

హరాల్డ్ మోట్స్‌కీ అనే జర్మన్ చరిత్రకారుడు 1991 నుంచి ప్రచురించిన పరిశోధనలలో దీనికి జవాబిచ్చాడు. కొమ్మలు కలిసే చోట ఉన్న మనిషి కల్పించినవాడే కానక్కర్లేదు, మొదటిసారి క్రమపద్ధతిలో సేకరించి శిష్యులకు నేర్పినవాడు కావచ్చు అన్నాడు. ఎందరో వృద్ధుల నోట చెల్లాచెదురుగా ఉన్నవాటిని ఒక గురువు సేకరిస్తే, ఆయన వెనక ఒక్కో మాటకు ఒక్కో దారమే మిగలటం సహజమే. పేర్ల వరుసతో పాటు మాటల తేడాలను కూడా పోల్చి, రెండూ ఒకే కొమ్మల ఆకారం చూపుతున్నాయా లేదా అని చూడాలని ఆయన పద్ధతి. ఫలానా శిష్యుడి దారిలో వచ్చిన ప్రతులన్నిటిలో ఒకే చిన్న తేడా కనిపిస్తే, ఆ దారి నిజమైనదే అనటానికి అది ఆధారం. హుమైదీ ముక్క విషయంలో పాత పండితులు చేసినదీ దాదాపు ఇటువంటిదే.

యహ్యాకు వెనక ఉన్న మూడు ముడుల గురించి నా వ్యాసంలో నేను ఇలా రాశాను. తేదీలు అడ్డం రావు. ముగ్గురూ ఒకే ఊరివారు. మనుషుల మీద వచ్చిన నిర్ణయాలు మొత్తం మీద అనుకూలం. కాని ఆ నిర్ణయాలు చాలావరకు వారు పోయాక వచ్చినవి, వారి ఉల్లేఖనాలను బట్టి వచ్చినవి. పక్కన పెట్టి పోల్చటానికి రెండో సాక్షి లేడు. అంచేత విశ్వాసి దీన్ని స్వీకరించటానికీ, చరిత్రకారుడు 'అవకాశం ఉంది' అని ఆగటానికీ ఇద్దరికీ తగిన కారణాలున్నాయి. ఆ తేడా ఎక్కడ మొదలవుతుందో మనకు కచ్చితంగా తెలియటానికి కారణం మాత్రం, చక్కగా సరిపోయిన అబూ సయీద్ వరుసను ఆనాటి విమర్శకులు ఆశపడి ఉంచుకోకపోవటమే. వారు దాన్ని ఉంచుకుని ఉంటే, ఈనాడు మనం రెండు దారాలున్నాయనుకుని లెక్క ముగించి ఉండేవాళ్లం.

ఆసక్తి ఉన్న మిత్రులు సహీహ్ బుఖారీ అనువాదం దొరికితే మొదటి హదీసును, ఏభై నాలుగో హదీసును పక్కపక్కన పెట్టి చదవండి. మొదటిదానిలో లేని ముక్క రెండోదానిలో కనిపిస్తుంది. వాటి పైన ఉన్న పేర్లు కూడా చదవండి. రెండు వరుసలూ యహ్యా బిన్ సయీద్ దగ్గర కలవటం మీకే కనిపిస్తుంది.